ధర రాయని చీర ఎవరు కొంటారు?

చిన్న దుకాణంలో మార్కెటింగ్ ఇంటర్న్‌గా చేరిన అమ్మాయికి తొలిరోజే ఈ పని చేతికొస్తుంది: "మన ఇన్‌స్టాగ్రామ్ పేజీ నువ్వు చూసుకోమ్మా. వారానికి సరిపడా పోస్టులు రాసిపెట్టు." ఆమె పెద్ద పెద్ద బ్రాండ్ల పేజీలు తిరగేసి, అలాంటి మాటలే పేర్చడం మొదలుపెడుతుంది. నా ఉద్దేశంలో ఆమె ముందు తెరవాల్సింది ఆ పేజీలు కాదు, దుకాణం వాట్సాప్.

మంగళగిరి చేనేత చీరలు అమ్మే చిన్న దుకాణం ఒకటుందనుకుందాం. యజమానురాలు, సాయంగా ఒక మనిషి, కొత్తగా ఒక ఇంటర్న్. వాట్సాప్‌లో గత నెల రోజుల మెసేజ్‌లు చదివితే కొనేవాళ్లు అడిగేవి పట్టుమని పది ప్రశ్నలు కూడా ఉండవు. ఎంతండీ? జాకెట్ ముక్క వస్తుందా? రంగు దిగుతుందా? ఇదే రంగులో ఇంకోటుందా? హైదరాబాద్‌కి ఎన్ని రోజుల్లో పంపుతారు? ఇది మగ్గం మీద నేసిందేనా, పవర్‌లూమా? ఈ ప్రశ్నలను ఒక కాగితం మీద రాసుకుని, ఏది ఎన్నిసార్లు వచ్చిందో పక్కన గీతలు పెట్టుకుంటే క్యాప్షన్లకు కావలసిన సరుకంతా చేతికొచ్చినట్టే.

చాలా పేజీల్లో కనిపించే క్యాప్షన్ ఇలా ఉంటుంది: "సంప్రదాయపు సొగసు, మీ అందానికి కొత్త మెరుపు! ధర కోసం మెసేజ్ చేయండి." ఇందులో చీర గురించి ఒక్క ముక్క లేదు. ఇదే మాట పట్టుచీర కిందా పెట్టొచ్చు, గాజుల పెట్టె కిందా పెట్టొచ్చు. అదే చీరకు ఇలా రాసి చూడండి:

"మంగళగిరి కాటన్ చీర, నిజాం అంచు, ₹1,850. మామిడి చిగురు రంగు, నాలుగే ఉన్నాయి. మగ్గం మీద నేసింది. చీర అయిదున్నర మీటర్లు, జాకెట్ ముక్క 80 సెంటీమీటర్లు అదనం. మొదటి రెండుసార్లు విడిగా, చన్నీళ్లలో ఉతకండి. ఫోన్ తెర మీద రంగు కాస్త ముదురుగా కనిపిస్తోంది; పగటి వెలుతురులో తీసిన వీడియో కావాలంటే వాట్సాప్ చేయండి, పంపుతాం."

ఇన్‌స్టాగ్రామ్ 2,200 అక్షరాల దాకా రాయనిస్తుంది కానీ, పోస్టు కింద ముందుగా కనిపించేది ఒకటి రెండు వరుసలే. మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. అందుకే చీర పేరు, ధర, ఎన్ని ఉన్నాయన్నది మొదటి వరుసల్లోనే ఉండాలి. ఉతుకు సంగతులు కిందికి వెళ్లినా పర్వాలేదు. ఇంకో చిక్కు: అక్కడి క్యాప్షన్‌లో పెట్టిన లింకు నొక్కినా తెరుచుకోదు. దుకాణం వాట్సాప్ లింకును, అంటే wa.me తో మొదలయ్యేదాన్ని, పేజీ పైన పరిచయంలో పెట్టి, క్యాప్షన్ చివర "లింకు పైన ఉంది" అని చెబితే చాలు.

ధర రాయడానికి యజమానులు ఒప్పుకోరు. పక్క షాపువాళ్లు చూస్తారని, ధర దాస్తే జనం మెసేజ్ చేస్తారని వాళ్ల లెక్క. మెసేజ్‌లు వస్తాయి, నిజమే. వాటిలో ఎక్కువ భాగం ధర వినగానే ఆగిపోతాయి. బేరం మీదున్న మనిషి ఆ మెసేజ్‌లన్నిటికీ జవాబివ్వాలి. ధర చూసి వచ్చేవాళ్లు తక్కువమందే అయినా కొనే ఉద్దేశంతో వస్తారు. నమ్మకం కుదరకపోతే రెండు వారాలు సగం పోస్టులకు ధర రాసి, సగం వాటికి రాయకుండా పెట్టి, ఎన్ని చీరలు అమ్ముడయ్యాయో లెక్క చూసుకోవచ్చు.

"చేనేత" అన్న మాట దగ్గర మాత్రం ఇంటర్న్ మొండిగా ఉండాలి. ఒకే దుకాణంలో మగ్గం చీరలూ పవర్‌లూమ్ చీరలూ పక్కపక్కనే ఉండొచ్చు. ప్రతి కొత్త సరుకుకూ ఇది ఎక్కడ నేసిందని అడిగి తెలుసుకున్నాకే ఆ మాట రాయాలి. 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్ లేబుల్ ఆ సరుకుకు ఉంటే దాని ఫోటో కూడా పెట్టొచ్చు.

ఇక వారం పట్టిక. రోజుకొక పోస్టు అనే నియమంతో మొదలుపెట్టే పట్టిక మూడో వారానికే "శుభోదయం" బొమ్మలతో నిండిపోతుంది. దుకాణం వారం ఎలా నడుస్తుందో చూసి, దాని మీద పట్టిక కట్టాలి. మన దుకాణానికి కొత్త సరుకు శనివారం వస్తుందనుకోండి. ఆదివారం ఉదయం, ఎండ నేరుగా పడనిచోట ఫోటోలు. సోమవారం క్యాప్షన్లు రాసి, ధర, సంఖ్య సరిగ్గా ఉన్నాయో లేదో యజమానురాలికి చూపించడం. మంగళవారం కొత్త రంగుల పోస్టు. గురువారం జనం ఎక్కువగా అడిగిన ఒక ప్రశ్నకు చిన్న వీడియోలో జవాబు, ఉదాహరణకు గంజి పెట్టే పద్ధతి. శనివారం కొన్నవాళ్లు కట్టుకుని పంపిన ఫోటో, వాళ్ల అనుమతితోనే. వారానికి మూడే. ఇరవై నాలుగు గంటల్లో మాయమయ్యే వాట్సాప్ స్టేటస్‌కు పట్టిక అక్కర్లేదు. ఏ రోజు సంగతి ఆ రోజే.

ఏ గంటకు పోస్టు పెట్టాలనేది కూడా దుకాణాన్ని బట్టే తేల్చుకోవాలి. రాత్రి ఏడింటికి జనం ఫోన్లలో ఉంటారన్నది నిజమే అయినా, అదే సమయంలో దుకాణం నిండా మనుషులుంటే అడిగినవాళ్లకు జవాబు మర్నాటిదాకా అందదు. పోస్టు పెట్టిన తర్వాతి గంటలో జవాబిచ్చే మనిషి ఉండాలి. మధ్యాహ్నం రెండింటికి తీరిక ఉంటే రెండింటికే పెట్టాలి.

పట్టికలో తేదీ, ఫోటో, క్యాప్షన్ గడులతోపాటు తప్పనిసరిగా ఉండాల్సిన గడి ఇంకొకటుంది: మిగిలిన సంఖ్య. పోస్టులను మెటా బిజినెస్ సూట్‌లో ముందే సిద్ధం చేసి పెట్టుకోవచ్చు. చెప్పిన వేళకు అవే వెళ్లిపోతాయి. సోమవారం నాలుగున్న చీరలు గురువారానికి అయిపోతే, శనివారం ఆ పోస్టు వెళ్లి అందరినీ నిరాశపరుస్తుంది. పోస్టు వెళ్లే రోజు ఉదయం అల్మారా చూసి, గడిలో అంకె దిద్దాలి. తుఫానో, ఊళ్లో విషాదమో ఉన్నరోజు సిద్ధంగా ఉన్న పోస్టును ఆపేయడం కూడా ఆ ఉదయపు పనే.

పండగలకు పట్టికను వెనక నుంచి లెక్కించాలి. వరలక్ష్మీ వ్రతం శుక్రవారం. జాకెట్ కుట్టడానికి టైలర్ వారం, సీజన్‌లో పది రోజులు అడుగుతారు. కొరియర్‌కు నాలుగు రోజులు. అంటే వ్రతానికి రెండు వారాల ముందే చీర పోస్టు వెళ్లాలి. వ్రతం వారంలో పెట్టిన పోస్టుకు లైకులు వస్తాయి, ఆర్డర్లు రావు. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. ఆ రోజున అమ్మకం పోస్టుకన్నా, నేసినవాళ్ల అనుమతితో మగ్గం దగ్గర తీసిన వీడియో బాగుంటుందని నా అభిప్రాయం.

వారాంతంలో చూడాల్సినవి లైకులు కావు. వాట్సాప్ బిజినెస్‌లో ఆర్డర్‌కు ఒక లేబుల్, ఉత్త విచారణకు ఒక లేబుల్ పెట్టుకుని, ఏ పోస్టు చూసి వచ్చారో అడిగి రాసుకోవాలి. లైకులు దండిగా ఉండి విచారణలు లేకపోతే క్యాప్షన్‌లో ధరో, కొనే దారో లేదని అర్థం. అందరూ ఒకే ప్రశ్న అడుగుతుంటే ఆ జవాబు మొదటి వరుసలోకి రావాలి. విచారణలు వచ్చి ఆర్డర్లు కాకపోతే తప్పు క్యాప్షన్‌లో లేదు. ధరలోనో, జవాబు ఆలస్యంలోనో వెతకాలి.

దుకాణదారులకు ఒక మాట. పేజీని దుకాణం నంబరు, ఈమెయిల్ మీదే తెరవండి, ఇంటర్న్ సొంత ఫోన్ మీద వద్దు. పాస్‌వర్డ్ చెప్పకుండానే పోస్టులు పెట్టే అనుమతి మాత్రం ఇచ్చే వీలు బిజినెస్ సూట్‌లో ఉంది. పాస్‌వర్డ్ బదులు ఆమెకు మీ సరుకు పుస్తకం చూపించండి, మీ వాట్సాప్ చదవనివ్వండి.