ఫోన్ బీమా: పోయిందా, దొంగిలించారా?

రద్దీ బస్సులో జేబులోంచి ఫోన్ కొట్టేస్తే బీమా డబ్బు వస్తుందని చాలామంది నమ్మకం. కానీ చాలా పాలసీల్లో తాళం పగలగొట్టో, బలవంతంగా లాక్కునో తీసుకెళ్తేనే అది దొంగతనం. తెలియకుండా జేబు కొట్టేసినా, ఎక్కడో మరచిపోయినా వర్తించదు. పోలీసులకు ‘ఫోన్ పోయింది’ అని రాసిస్తే క్లెయిమ్ అక్కడే ఆగిపోవచ్చు. జరిగింది దొంగతనమైతే ఫిర్యాదులో ఆ మాటే ఉండాలి.

పగుళ్ల సంగతి కొంత నయం. 30,000 రూపాయల ఫోన్‌కు ప్రీమియం 2,000, క్లెయిమ్‌లో మన వాటా 1,000 అనుకుందాం. స్క్రీన్ మార్చడానికి 8,000 అయితే మనకు కలిసొచ్చేది 5,000. అదే 4,000తో పోయే స్క్రీనైతే 1,000 మాత్రమే. అందుకే చవక ఫోన్‌కు బీమా దండగంటాను. ఖరీదైన లాప్‌టాప్‌కు తీసుకోవచ్చు, నీళ్లో కాఫీయో ఒలికితే వర్తిస్తుందని పాలసీలో చదివాకే.