లాభం పెరిగింది, షేరు పడింది: ఆ పతనంలో ఫలితాల వాటా ఎంత?

2023 ఏప్రిల్ 13, గురువారం. మార్కెట్ మూసేశాక ఇన్ఫోసిస్ నాలుగో త్రైమాసిక ఫలితాలు ప్రకటించింది. నికర లాభం రూ.6,128 కోట్లు. అంతకుముందు ఏడాది ఇదే త్రైమాసికంతో పోలిస్తే 7.8 శాతం ఎక్కువ. ఆదాయం 16 శాతం పెరిగింది. షేరుకు రూ.17.50 తుది డివిడెండు కూడా ప్రకటించారు. అయినా మార్కెట్ మళ్లీ తెరుచుకున్న రోజున షేరు కుప్పకూలింది. రూ.1,389 దగ్గర ఉన్నది సాయంత్రానికి రూ.1,258 దగ్గరకు దిగింది. అంటే 9.4 శాతం నష్టం.

ఆ నష్టమంతా ఫలితాల వల్లే అనేయడం తేలిక. కానీ ఆ రోజు నిఫ్టీ కూడా 0.7 శాతం పడింది. ఫలితాలు రాకపోయినా షేరు కొంత పడేదేమో. అసలు ప్రశ్న ఇది: ఆ ప్రకటన లేకుంటే ఆ రోజు షేరు ఎంత కదిలేది? జరగని ఆ కదలికను అంచనా వేసి, జరిగిన దాంట్లోంచి తీసేస్తే మిగిలేదే అసాధారణ రాబడి. దాన్ని పద్ధతి ప్రకారం లెక్కకట్టడమే ఈవెంట్ స్టడీ. కంపెనీ లాభాలకూ షేరు ధరకూ ఉన్న సంబంధాన్ని ఈ చూపుతో మొదట పట్టుకున్నవాళ్లు రే బాల్, ఫిలిప్ బ్రౌన్. 1968లో వచ్చిన వారి పరిశోధన, వార్షిక లాభాల్లోని సమాచారంలో ఎక్కువ భాగం ప్రకటనకు ముందే ధరలోకి చేరిపోతుందని చూపింది. మరుసటి ఏడాది ఫామా, ఫిషర్, జెన్సెన్, రోల్ షేర్ల విభజనపై ఇలాంటి అధ్యయనమే చేశారు. నేటికీ వాడే పద్ధతికి మూలం ఈ రెండే.

ఈ లెక్కలో సూత్రం చిన్నదే. ఫలితం తప్పడానికి ఎక్కువగా కారణమయ్యేది సూత్రం కాదు, దానికి ముందు మనం తీసుకునే నిర్ణయాలు. వాటిలో మొదటిది తేదీ.

ఇన్ఫోసిస్ ప్రకటన తేదీ ఏప్రిల్ 13. ఆ తేదీని గుడ్డిగా ‘సున్నా రోజు’గా పెట్టుకుంటే అధ్యయనం అక్కడే చెడిపోతుంది. మన మార్కెట్ మధ్యాహ్నం మూడున్నరకు మూతపడుతుంది, ఫలితాలు వచ్చింది ఆ తర్వాత. మర్నాడు ఏప్రిల్ 14 అంబేడ్కర్ జయంతి, సెలవు. తర్వాత శని, ఆదివారాలు. ఆ వార్త ధరలోకి చేరగలిగిన మొదటి రోజు సోమవారం, ఏప్రిల్ 17. సున్నా రోజు అదే. అందుకే అధ్యయనం చేసేవాళ్లు తేదీ ఒక్కటే కాకుండా, ఎక్స్ఛేంజి వెబ్‌సైట్‌లో ఆ ప్రకటన పక్కన నమోదైన సమయాన్ని కూడా తీసుకోవాలి. వందల కంపెనీల తేదీలను ఒక ఫైల్లోంచి దించుకుని వాడితే, మార్కెట్ మూసేశాక ఫలితాలిచ్చిన కంపెనీలన్నింటికీ సున్నా రోజు ఒకరోజు ముందుకు జరిగిపోతుంది. సున్నా రోజున ఏమీ లేకుండా, ఒకటో రోజున పెద్ద కదలిక కనిపిస్తే మొదట అనుమానించాల్సింది తేదీలనే.

రెండోది కొలబద్ద. ఎక్కువమంది వాడేది మార్కెట్ మోడల్. ఫలితాలకు ముందున్న ఓ 120 ట్రేడింగ్ రోజులు తీసుకుని, నిఫ్టీ ఒక శాతం కదిలితే ఈ షేరు సగటున ఎంత కదిలిందో చూస్తారు. అది బీటా. నిఫ్టీ కదలనప్పుడు కూడా షేరుకు రోజుకు సగటున వచ్చే కాస్త రాబడి ఆల్ఫా. ఎక్సెల్ ఉంటే చాలు, షేరు రాబడులు B వరుసలో, నిఫ్టీ రాబడులు C వరుసలో పెట్టుకుని మూడు సూత్రాలు రాస్తే పని అయిపోతుంది.

```
β  =SLOPE(B2:B121, C2:C121)
α  =INTERCEPT(B2:B121, C2:C121)
σ  =STEYX(B2:B121, C2:C121)

AR = R − (α + β × Rm)
```

మూడోదైన σ, మామూలు రోజుల్లో కూడా ఈ షేరు మన అంచనాకు అటూ ఇటూ ఎంత ఊగుతుందో చెబుతుంది. ధరలు మాత్రం బోనస్‌లకు, విభజనలకు సరిచేసినవే వాడాలి. లేకపోతే ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చిన రోజున షేరు సగానికి పడినట్టు లెక్కలో కనిపిస్తుంది.

లెక్క ఎలా సాగుతుందో చూడ్డానికి బీటా 1, ఆల్ఫా సున్నా, σ 1.3 శాతం అనుకుందాం. ఇవి నేను ఉదాహరణకు పెట్టిన అంకెలు, షేరు రాబడులు మాత్రం నిజమైనవి. ఏప్రిల్ 17న నిఫ్టీ 0.7 శాతం పడింది కాబట్టి మామూలుగా ఈ షేరు కూడా 0.7 శాతం పడాలి. పడింది 9.4. మిగిలిన 8.7 శాతం నష్టం అసాధారణం. దాన్ని σతో భాగిస్తే 6.7 వస్తుంది. ఈ భాగఫలం 2 దాటితేనే యాదృచ్ఛికం కాదని సాధారణంగా అంటారు, ఇక్కడ సందేహానికే చోటు లేదు. బీటా 0.8 అనుకున్నా, 1.2 అనుకున్నా అసాధారణ రాబడి 8.8కీ 8.6కీ మధ్యే ఉంటుంది. ఒకటి రెండు రోజుల అధ్యయనాల్లో కొలబద్ద కాస్త అటూ ఇటూ అయినా ఫలితం మారదు. ఈ పద్ధతికి ఉన్న పెద్ద బలం అదే.

బీటా లెక్కకు తీసుకునే 120 రోజులు ఫలితాలకు మరీ ఆనుకుని ఉండకూడదు, మధ్యలో ఓ ఇరవై రోజుల ఎడం ఉంచడం మేలు. అంతకంటే ఎక్కువమంది మరిచిపోయే విషయం ఇంకోటుంది. ఫలితాలు మూడు నెలలకోసారి వస్తాయి. 2023 మార్చి మధ్య నుంచి 120 ట్రేడింగ్ రోజులు వెనక్కి వెళితే ఇన్ఫోసిస్ 2022 అక్టోబర్ 13న, 2023 జనవరి 12న ఇచ్చిన ఫలితాలు రెండూ అందులో పడతాయి. ‘మామూలు రోజులు’ అని తీసుకున్న వాటిలో రెండు మామూలువి కావు. వాటి స్పందన రోజుల్ని తీసేయకపోతే σ పెరిగిపోయి, నిజంగా ఉన్న స్పందన కూడా చిన్నదిగా కనిపించే ప్రమాదం ఉంది.

కొలబద్దలో ఇంకో చిక్కు మన మార్కెట్‌లో ప్రత్యేకంగా కనిపిస్తుంది. అప్పట్లో నిఫ్టీలో ఇన్ఫోసిస్ వాటా దాదాపు 6-7 శాతం. అంత బరువున్న షేరు 9.4 శాతం పడితే ఆ ఒక్కదాని వల్లే నిఫ్టీ 0.6 శాతం దాకా తగ్గుతుంది. అంటే ఆ రోజు నిఫ్టీ నష్టంలో చాలా భాగం ఇన్ఫోసిస్‌దే. మార్కెట్ వల్ల షేరు పడిందని మనం తీసేసిన 0.7లో ఎక్కువ భాగం అసలు ఆ షేరు తెచ్చిపెట్టిందే. ఐటీ సూచీని కొలబద్దగా పెట్టుకుంటే ఈ తప్పు ఇంకా పెరుగుతుంది. ఆ రోజు నిఫ్టీ ఐటీ 4.7 శాతం పడింది. దాన్ని తీసేస్తే అసాధారణ నష్టం 8.7 నుంచి 4.7కు దిగిపోతుంది, సరిగ్గా సగం కాకపోయినా దగ్గరదగ్గర. ఇన్ఫోసిస్ వార్త విని మదుపరులు మిగతా ఐటీ షేర్లను కూడా అమ్మారు కాబట్టి, ఆ సూచీ పతనం కూడా ఆ వార్త ప్రభావమే. పెద్ద కంపెనీలపై అధ్యయనం చేసేటప్పుడు ఆ కంపెనీని మినహాయించి మిగతా షేర్లతో సూచీని మళ్లీ కట్టుకోవడమే సరైన దారి.

ఇప్పుడు ఎన్ని రోజులు చూడాలన్న ప్రశ్న. ఏప్రిల్ 12న మార్కెట్ మూసేశాక టీసీఎస్ ఫలితాలు వచ్చాయి. మర్నాడు, అంటే ఇన్ఫోసిస్ ఇంకా నోరు విప్పకముందే, దాని షేరు దాదాపు 3 శాతం పడింది. నిఫ్టీ ఆ రోజు కదల్లేదనే చెప్పాలి. ఐటీ రంగానికి గిరాకీ తగ్గుతోందన్న కబురులో కొంత భాగం టీసీఎస్ ద్వారా ముందే చేరిపోయింది. సున్నా రోజును మాత్రమే చూస్తే ఆ భాగం జారిపోతుంది. ముందు రోజును కలిపి, రెండు రోజుల అసాధారణ రాబడుల్ని కూడితే నష్టం 11 శాతం దాటుతుంది. ఈ మొత్తాన్నే సంచిత అసాధారణ రాబడి అంటారు. అయితే ఆ అదనపు 3 శాతాన్ని ఇన్ఫోసిస్ ప్రకటన ఖాతాలో రాయాలా, టీసీఎస్ ఖాతాలో రాయాలా అన్నది అంకెలు తేల్చవు, పరిశోధకుడే చెప్పాలి. అలాగని కిటికీని ఇష్టమొచ్చినట్టు వెడల్పు చేయకూడదు. ఆల్ఫాలో రోజుకు 0.05 శాతం పొరపాటు ఒక్కరోజుకు లెక్కలోకి రాదు. 41 రోజులు కూడితే అదే 2 శాతం అవుతుంది.

లాభం పెరిగినా షేరు ఎందుకు పడిందన్న మొదటి ప్రశ్నకు జవాబు ‘ఊహించినదానికీ వచ్చినదానికీ తేడా’లో ఉంది. ధరలో అప్పటికే ఉన్నది గత ఏడాది లాభం కాదు, విశ్లేషకుల అంచనా. అంతకుముందు త్రైమాసికంతో పోలిస్తే, కరెన్సీ మార్పులు తీసేసి చూస్తే, ఇన్ఫోసిస్ ఆదాయం 3.2 శాతం తగ్గింది. వచ్చే ఏడాది వృద్ధి 4 నుంచి 7 శాతమే ఉంటుందని కంపెనీ చెప్పింది. లాభం అంకె, వృద్ధి అంచనా, డివిడెండు అన్నీ ఒకే సాయంత్రం వచ్చాయి కాబట్టి, దేనివల్ల ఎంత పడిందో ఒక్క కంపెనీ అధ్యయనం విడదీయలేదు.

అందుకే నిజమైన అధ్యయనానికి చాలా కంపెనీలు, చాలా త్రైమాసికాలు కావాలి. వాటినన్నింటినీ ఒకే కుప్పలో పోసి సగటు తీస్తే మంచి వార్తలూ చెడ్డ వార్తలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 1997లో క్రెయిగ్ మెకిన్లీ 30 అమెరికన్ కంపెనీల ఫలితాలను మూడు గుంపులు చేశాడు. లాభం అంచనాకు 2.5 శాతం పైన ఉంటే మంచి వార్త, 2.5 శాతం కింద ఉంటే చెడ్డ వార్త, మధ్యలో ఉంటే వార్త కాదు. సున్నా రోజున సగటు అసాధారణ రాబడి మంచి గుంపుకు 0.97 శాతం లాభం, చెడ్డ గుంపుకు 0.68 శాతం నష్టం. వీటి పక్కన ఇన్ఫోసిస్ 8.7 ఎంత అరుదైనదో తెలుస్తుంది.

సగటు తీసేటప్పుడు ప్రతి కంపెనీనీ విడి సాక్షిగా లెక్కపెట్టడం మరో పొరపాటు. మన దేశంలో ఫలితాలు కొద్ది వారాల్లో గుంపుగా వస్తాయి. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు ఏప్రిల్ 15, శనివారం ఫలితాలిచ్చింది కాబట్టి దాని సున్నా రోజు కూడా ఆ సోమవారమే. ఒకే రోజు, ఒకే రంగం కంపెనీలు కలిసి కదులుతాయి. పది ఐటీ కంపెనీలు ఒకే రోజున పడితే అవి పది సాక్ష్యాలు కావు. ఆ విషయం పట్టించుకోకుండా t విలువ వేస్తే లేని నమ్మకం పుడుతుంది. ఒకే రోజున పడిన కంపెనీలను కలిపి ఒక్క పోర్ట్‌ఫోలియోగా చూడటం దీనికి మామూలుగా వాడే విరుగుడు.

మన అమరిక సరిగ్గా ఉందో లేదో ముందే పరీక్షించే మార్గాన్ని 1985లో స్టీఫెన్ బ్రౌన్, జెరాల్డ్ వార్నర్ చూపారు. ఏ వార్తా లేని తేదీలను యాదృచ్ఛికంగా ఎంచుకుని, 50 షేర్ల చొప్పున 250 నమూనాలపై లెక్క నడిపారు. మనమూ అదే చేయవచ్చు. మన కంపెనీలకే దొంగ తేదీలు ఇచ్చి, అదే సూత్రంతో, అదే కిటికీతో వందలసార్లు నడపాలి. ఐదు శాతం స్థాయి పరీక్ష అయితే నూటికి ఐదుసార్లకు అటూ ఇటూగా మాత్రమే ‘స్పందన ఉంది’ అని రావాలి. పదిహేను, ఇరవైసార్లు వస్తుంటే కొలబద్దలోనో, σలోనో, గుంపు తేదీల్లోనో లోపం ఉన్నట్టే. అది సరిదిద్దాకే అసలు ఫలితాల తేదీలు ఫైల్లోకి ఎక్కించాలి.