ఓర్చిన ఇద్దరికీ తేటనీరు

అమ్మానాన్నల పెళ్లిరోజుకు నాలుగు మాటలు రాయాలనుకున్నప్పుడు, కాపురంలో ఓర్పు గురించి తెలుగువారికి చప్పున తోచే సామెత ‘ఓర్చినమ్మకు తేటనీరు’. సందేశానికి ఇది చక్కగా పనికొస్తుంది. కాకపోతే ఉన్నదున్నట్టు దించేస్తే ఒక చిక్కుంది.

సామెత లోతు తెలియాలంటే చెలమను తలుచుకోవాలి. ఎండాకాలం ఏట్లో నీళ్లు లేనప్పుడు ఇసుకలో గొయ్యి తీస్తే అడుగున నీరు ఊరుతుంది. మొదట వచ్చేది మడ్డినీరే. దాన్ని చిప్పతో తోడి పారబోసి కాసేపు ఆగితే మట్టి కిందికి దిగి తేటనీరు నిలుస్తుంది. ఆగలేక బిందె ముంచితే అడుగు కదిలి మళ్లీ కలకబారుతుంది. అంటే ఇక్కడ ఓర్పు చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు, మడ్డి తోడాక ఆగడం.

చిక్కేమిటంటే, సామెతలో ఓర్చుకునేది అమ్మ ఒక్కతే. దాన్ని అలాగే రాస్తే ఇన్నేళ్లూ అమ్మ భరించింది, నాన్న భరింపజేశాడు అన్న అర్థం వస్తుంది. కొన్ని ఇళ్లలో అది నిజమే కావచ్చు గానీ, పెళ్లిరోజున అది దెప్పిపొడుపులా వినిపిస్తుంది. అందుకే నాన్ననూ చెలమ దగ్గరికి తీసుకురావాలి. దానికి పొగడ్తలు అక్కర్లేదు, ఆ ఇంట్లో జరిగిన ఒక్క సంగతి చాలు. ఉదాహరణకు, మిల్లు మూతపడి కష్టాలు చూసిన దంపతులకు పిల్లలు ఇలా రాయవచ్చు:

‘అమ్మా, నాన్నా! మిల్లు మూతపడ్డాక నాన్న ఆటో తోలారు, అమ్మ రాత్రిళ్లు జాకెట్లు కుట్టింది. ఆ రోజుల్లో ఒకరి మీద ఒకరు విసుక్కోవడం మేం వినకపోలేదు. మర్నాటి పొద్దున మాత్రం కాఫీ ఇద్దరూ కలిసే తాగేవారు. ఓర్చినమ్మకు తేటనీరు అంటారు. మా ఇంట్లో ఓర్చిన నాన్న కూడా ఉన్నారు. ఆ తేటనీళ్లు తాగి పెరిగిన మేం మీకు నమస్కరిస్తున్నాం.’

విసుగును దాచకపోవడమే ఈ సందేశానికి బలం. మడ్డి ఊసే లేకుండా తేటనీరంటే ఎవరూ నమ్మరు. అలాగని పాత అప్పులు, అత్తింటి గొడవలు తవ్వకూడదు. చుట్టాలందరి ముందూ చదివినా ఆ ఇద్దరూ నవ్వగలిగే సంగతినే ఎంచుకోవాలి.

ముగింపులో చాలామంది తడబడతారు. ‘దీర్ఘసుమంగళీభవ’, ‘శతమానం భవతి’ వంటివి పెద్దలు చిన్నవాళ్లను దీవించే మాటలు. పిల్లలు అమ్మానాన్నలకు రాస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘నిండు నూరేళ్లు కలిసి ఉండాలని కోరుకుంటూ, మీ ఆశీస్సుల కోసం’ అంటే సరిపోతుంది. షష్టిపూర్తిని పెళ్లిరోజుతో కలిపేయడం మరో పొరపాటు. అది భర్తకు 60 ఏళ్లు నిండినప్పుడు చేసే వేడుక. పెళ్లయి 60 ఏళ్లయితే దాన్ని వజ్రోత్సవం అంటారు.