ఆయిల్ డబ్బా ఫొటోలో ముందు మూత చూడండి

డూప్లికేట్ ఇంజన్ ఆయిల్ అనగానే ఊరవతల ఏ షెడ్డులోనో డబ్బాలు, లేబుళ్లు, మూతలు అన్నీ దొంగచాటుగా తయారవుతాయని అనుకుంటాం. అలాంటివీ ఉన్నాయి. కానీ అంత శ్రమ లేకుండా పని జరిగిపోయే దారి ఇంకొకటుంది. మెకానిక్ షెడ్లలో రోజూ ఖాళీ అయ్యే డబ్బాలు పాత సామాన్ల కొట్టుకు చేరతాయి. వాటిలో లేబుల్ చిరగనివి, సొట్టలు పడనివి ఏరి కడుగుతారు. వాడేసిన ఆయిల్‌ను వడగట్టి రంగు తేర్చి గానీ, చవక బేస్ ఆయిల్‌లో రంగు కలిపి గానీ వాటిలో నింపి మూత బిగిస్తారు. అప్పుడు డబ్బా కంపెనీదే, లేబుల్ కంపెనీదే, లోపలిది మాత్రం కాదు.

అందుకే అనుమానం వచ్చిన డబ్బాకు ఫొటో తీసి లేబుల్ మీది అక్షరాలు, రంగులు పోల్చుకుంటూ కూర్చుంటే చాలాసార్లు ఏమీ తేలదు. ఆ లేబుల్ అసలుదే కదా! ఫొటోను అడగాల్సిన మొదటి ప్రశ్న వేరు. ఈ డబ్బాను ఇంతకుముందు ఒకసారి తెరిచి మళ్లీ మూశారా? దానికి జవాబు మూత దగ్గర దొరుకుతుంది, ఆ తర్వాత బ్యాచ్ నంబరు దగ్గర. లేబుల్, ప్లాస్టిక్ వంతు ఆ తర్వాతే.

మూత అంచు కింద మెడను చుట్టుకుని సన్నని రింగు ఒకటి ఉంటుంది. మూతకూ రింగుకూ మధ్య అగ్గిపుల్ల కన్నా సన్నని ప్లాస్టిక్ వంతెనలు వరుసగా ఉంటాయి. మొదటిసారి మూత తిప్పినప్పుడు అవి పుటుక్కుమని తెగి రింగు మెడ మీదే ఉండిపోతుంది. తిరిగి నింపేవాడికి ఇదే పెద్ద చిక్కు. తెగిన వంతెనల్ని అతికించాలి, లేదంటే కొత్త మూతలు చేయించుకోవాలి. బజారులో దొరికే ఇన్‌స్టంట్ గమ్ముతో అతికిస్తే, అది ఆరేటప్పుడు చుట్టూ బూడిద రాలినట్టు తెల్లటి మసక పడుతుంది. నల్ల మూత మీదా ఎర్ర మూత మీదా ఇది ఫొటోలో బాగా తెలుస్తుంది. వేడి చేసి అతికిస్తే వంతెనలు కరిగి చిన్న చిన్న బొట్లలా అవుతాయి, రింగు ఒకవైపు వంగుతుంది. అసలు మూతలో రింగుకూ మూతకూ మధ్య సందు చుట్టూ ఒకే తీరుగా కనిపించాలి. అందువల్ల ఒక్క ఫొటో చాలదు. డబ్బాను పావు వంతు చొప్పున తిప్పుతూ, కెమెరాను మెడ ఎత్తులోనే ఉంచి నాలుగు ఫొటోలు తీయాలి. పైనుంచి తీస్తే సందు కనిపించదు.

కొత్తగా చేయించిన మూత అయితే అతుకు ఉండదు కాబట్టి పోలిక చూడాలి. అదే కంపెనీ, అదే సైజు డబ్బాను నమ్మకమైన చోట కొని పక్కన పెట్టి తీయండి. పట్టు కోసం మూత చుట్టూ ఉండే గాట్లు లెక్కపెట్టండి. మూత మీద ఉబ్బుగా ఉండే గుర్తు అంచులు పదునుగా ఉన్నాయా, అరిగిన నాణెంలా మొద్దుగా ఉన్నాయా చూడండి. అసలు మూతకు అచ్చు తీసి పోసినదైతే అంచులు మొద్దుబారే అవకాశం ఎక్కువ.

చాలా డబ్బాలకు మూత కింద అల్యూమినియం రేకు సీలు కూడా ఉంటుంది. కొన్ని చిన్న ప్యాక్‌లకు రింగు తప్ప రేకు ఉండదు, కాబట్టి రేకు లేనంత మాత్రాన నకిలీ అనకూడదు. ఫ్యాక్టరీలో ఈ రేకును మంటతో అతికించరు. మూత బిగించిన డబ్బా ఒక విద్యుదయస్కాంత క్షేత్రం కింద నుంచి వెళుతుంది, రేకు దానంతట అదే వేడెక్కి, దాని అడుగునున్న సన్నని ప్లాస్టిక్ పొర కరిగి డబ్బా మూతికి అంటుకుంటుంది. అందుకని అతుకు చుట్టూ ఒకే వెడల్పున వస్తుంది. ఇస్త్రీ పెట్టెతో నొక్కి అతికించిన రేకు మీద ముడతలుంటాయి, ఒకచోట మాడినట్టూ ఇంకోచోట అంటనట్టూ ఉంటుంది. రేకు పీకిన తర్వాత డబ్బా మూతికి దగ్గరగా ఒక ఫొటో తీయండి. తాజా రేకు ముక్కల అడుగున పాత రేకు తునకలు గానీ, గీకిన గాట్లు గానీ కనిపిస్తే ఆ మూతికి రేకు అంటడం ఇది మొదటిసారి కాదు.

ఇక బ్యాచ్ నంబరు. దీన్ని రెండు రకాలుగా వేస్తారు. ఒకటి సిరా పద్ధతి. కదిలే బెల్టు మీద పోతున్న డబ్బా మీద యంత్రం సిరాను చుక్కలు చుక్కలుగా చిమ్ముతుంది. దగ్గరగా చూస్తే ప్రతి అంకె చుక్కల ముగ్గులా ఉంటుంది, బెల్టు వేగాన్ని బట్టి కాస్త సాగినట్టో, వాలినట్టో ఉండొచ్చు. రెండోది లేజర్. ఇందులో సిరా లేదు, వేడికి ప్లాస్టిక్ పై పొరే రంగు మారుతుంది. సిరా చుక్కల్ని థిన్నరుతోనో, గోళ్ల రంగు తుడిచే ద్రవంతోనో చెరిపేయొచ్చు. లేజర్ గుర్తు తుడిస్తే పోదు, గీకాల్సిందే.

చెరపాల్సిన అవసరం ఎందుకొస్తుందంటే, తిరిగి నింపిన డబ్బా మీద పాత తేదీ, పాత ఎంఆర్‌పీ ఉంటాయి. ప్యాక్ చేసిన సరుకు మీద నెల, సంవత్సరం, గరిష్ఠ ధర ఉండాలని 2011 నాటి లీగల్ మెట్రాలజీ నిబంధనలు చెబుతున్నాయి కాబట్టి వాటిని వదిలేయలేరు. బాగా పాత తేదీ ఉంటే కొనేవాడు అడుగుతాడు. అందుకని తుడిచి కొత్తది వేస్తారు. ఆ తుడిచిన జాడ పట్టాలంటే ఫ్లాష్ ఆపేయండి. చీకటి గదిలో డబ్బాను పడుకోబెట్టి, టార్చిని దాదాపు ప్లాస్టిక్‌కు ఆనించినంత వాలుగా పక్క నుంచి వేయండి. చెరిపిన చోట మిగతా ఉపరితలం కన్నా నున్నగానో, గరుగ్గానో ఒక మచ్చ తేలుతుంది. గీకితే సన్నని గీతలు ఒకే దిక్కుకు వాలి ఉంటాయి. ఎదురుగా వెలుతురు వేసి తీసిన ఫొటోలో ఇవేవీ పడవు. ఒకే పెట్టెలో డబ్బాలన్నిటికీ ఒకే బ్యాచ్ నంబరు ఉండటం మాత్రం మామూలే, దాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు. కానీ కొన్ని కంపెనీలు నింపిన గంట, నిమిషం కూడా వేస్తాయి. అలాంటి డబ్బాలు పెట్టెడూ నిమిషంతో సహా ఒకేలా ఉండి, అంకెల వంపు కూడా అచ్చు గుద్దినట్టు ఒకటే అయితే రబ్బరు స్టాంపును అనుమానించాలి.

ఇప్పుడు డబ్బాను బోర్లించండి. అడుగున మధ్యలో చిన్న గడియారం లాంటి గుర్తు ఉండొచ్చు. చుట్టూ 1 నుంచి 12 వరకు అంకెలు, మధ్యలో బాణం, బాణానికి అటూ ఇటూ సంవత్సరపు చివరి రెండు అంకెలు. ఇది ఆయిల్ తేదీ కాదు, ఆ డబ్బాను అచ్చులో ఊదిన నెల. అన్ని డబ్బాలకూ ఉండదు గానీ, ఉన్నప్పుడు దీన్ని మించిన సాక్షి లేదు. ఎందుకంటే దీన్ని తుడవాలని తిరిగి నింపేవాడికి తట్టకపోవచ్చు. డబ్బా తయారయ్యాకే అందులో ఆయిల్ పోయాలి కాబట్టి, అడుగున ఉన్న నెల, బ్యాచ్ తేదీ కన్నా ముందే ఉండాలి. వెనకది అయితే ఆ బ్యాచ్ తేదీ అబద్ధం.

ఉదాహరణకు ఇలాంటి 1 లీటరు బైక్ ఆయిల్ డబ్బా అనుకోండి. లేబుల్ చూస్తే ఏ లోపమూ లేదు. బ్యాచ్ దగ్గర 11/2025 అని స్పష్టంగా ఉంది. అడుగున బాణం 4 వైపు చూస్తోంది, దానికి అటూ ఇటూ 2, 3. అంటే డబ్బా పుట్టింది 2023 ఏప్రిల్‌లో, ఆయిల్ పోసింది 2025 నవంబర్‌లో. మధ్యలో 31 నెలలు. ఖాళీ డబ్బాలు గోదాములో విపరీతంగా చోటు తింటాయి, ఏ కంపెనీ అయినా అన్నాళ్లు దాచుకోవడం కష్టం. అయినా ఇదొక్కటే చూసి తీర్పు చెప్పకూడదు, అచ్చు దగ్గర పనివాడు బాణం తిప్పడం మరిచిపోయి ఉండొచ్చు. మెడ దగ్గర నాలుగు ఫొటోల్లో మూడింట సందు సమానంగా ఉంది, నాలుగో దాంట్లో సందు మూసుకుపోయి తెల్లటి మసక కనిపిస్తోంది. టార్చి వాలుగా వేస్తే బ్యాచ్ అంకెల చుట్టూ రెండు వేళ్ల వెడల్పున ప్లాస్టిక్ మెరుస్తోంది. ఆ మెరుపు షాపువాడు ఒలికిన ఆయిల్ తుడిచినందువల్లా రావచ్చు. కానీ మూడూ ఒకే డబ్బాలో కలిసినప్పుడు ఆ డబ్బాను బండికి పోయకుండా పక్కన పెట్టడమే మంచిది.

లేబుల్ పనికొచ్చేది మొత్తం డబ్బానే నకిలీగా చేసినప్పుడు. కంపెనీ తన గుర్తింపు ఎరుపునో, ఆకుపచ్చనో చాలాసార్లు విడిగా కలిపిన సిరాతో వేయిస్తుంది, భూతద్దంలో చూసినా ఒకే ముద్దగా ఉంటుంది. అసలు లేబుల్‌ను స్కాన్ చేసి మామూలు నాలుగు రంగుల ప్రింటింగ్‌లో తీస్తే ఆ ఎరుపు రంగురంగుల చుక్కలుగా విడిపోతుంది. దానికన్నా అడుగున ఉండే చిరునామా, ధర అక్షరాలు చూడటం మేలు. నల్లటి చిన్న అక్షరాల అంచున గులాబీ, నీలం మసక ఉంటే అది స్కాన్ చేసిన నకలు కావచ్చు. ఇవన్నీ వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే మాయమవుతాయి. సైజు తగ్గించే క్రమంలో చుక్కలు కలిసిపోతాయి, అక్షరాల చుట్టూ లేని మసక కూడా పుడుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఫొటో ఉన్నదున్నట్టు వెళుతుంది. రంగు ముదురు, లేత అన్న పోలిక మాత్రం ఫొటోలో పెట్టుకోవద్దు. ట్యూబులైటుకు ఒక రంగు, ఎండకు ఇంకో రంగు.

క్యూఆర్ కోడ్ స్కాన్ అయ్యింది కాబట్టి అసలుదే అని షాపులో చెబుతారు. కోడ్‌ను ఫొటో తీసి ముద్రిస్తే నకలు కూడా స్కాన్ అవుతుంది, అదే వెబ్‌సైట్‌కు వెళుతుంది. ఒక్కో డబ్బాకు ఒక్కో నంబరు ఇచ్చి, గీకితే గానీ కనపడకుండా దాచి, ఇంతకుముందే తనిఖీ అయిందో లేదో చెప్పే పద్ధతి ఉంటేనే దానికి విలువ.

ప్లాస్టిక్ గురించి చెప్పేది కొంచెమే. ఈ డబ్బాలు హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్‌ను అచ్చులో గాలితో ఊది చేసినవి. రెండు అచ్చులు కలిసే గీత పక్కల వెంబడి సన్నగా, తిన్నగా ఉండాలి. అడుగున ప్లాస్టిక్ కత్తిరించిన చోట పళ్లు పళ్లుగా ఉన్నా, డబ్బా వెనక టార్చి పెడితే గోడ ఒకచోట మందంగా, ఒకచోట పలచగా కనిపించినా, లేత రంగులో నల్ల నలకలున్నా తుక్కు ప్లాస్టిక్ కలిపిన నాసి డబ్బా అనుకోవచ్చు. అయితే ఒకే కంపెనీకి ఇద్దరు ముగ్గురు డబ్బాలు సరఫరా చేస్తారు, ప్యాకింగ్ డిజైన్లు మారుతుంటాయి. నిరుడు కొన్న డబ్బాతో ఇప్పటిది సరిపోలకపోవడం నేరమేమీ కాదు. ఒకే నెల సరుకును ఒకే నెల సరుకుతోనే పోల్చాలి.

ఈ ఫొటోలన్నీ డబ్బా గురించి చెబుతాయి, లోపలి ఆయిల్ గురించి కాదు. దాన్ని వేళ్ల మధ్య రాసి చూసినా, రంగు చూసినా తెలియదు. ల్యాబ్‌లో 40, 100 డిగ్రీల దగ్గర చిక్కదనం కొలిచి, జింకు, కాల్షియం వంటి మూలకాలు ఎంతున్నాయో చూస్తేనే తేలుతుంది. ఫిర్యాదు చేయాలనుకుంటే ఫొటోలను, బిల్లును కంపెనీ కస్టమర్ కేర్‌కు పంపండి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది. నకిలీ ట్రేడ్‌మార్కుతో సరుకు అమ్మితే 1999 ట్రేడ్‌మార్కుల చట్టం కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. రెండు డబ్బాలు కొని ఉంటే ఒకటి తెరవకుండా అలాగే ఉంచండి. మూత తిప్పిన మరుక్షణం, ఆ వంతెనలు ఫ్యాక్టరీవో, గమ్ముతో అతికించినవో చెప్పే వీలు పోతుంది.