పండగ బట్టలు: కుట్టిస్తే ఎంత, కొంటే ఎంత?

సంక్రాంతికి ఇంకా మూడు వారాలుండగానే చాలా పట్టణాల్లో టైలర్లు కొత్త బట్టలు తీసుకోవడం తగ్గించేస్తారు. ఇళ్లలో లెక్కలు మొదలయ్యేదీ అప్పుడే. కుట్టుకూలి పెరిగిపోయింది, రెడీమేడే నయం అని ఒకరంటారు. గుడ్డ తీసి కుట్టిస్తేనే నాలుగు కాలాలుంటాయని ఇంకొకరంటారు. ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే జవాబు వెతికితే ఈ వాదన తేలదు. ఎవరి బట్టలకు వాళ్ల లెక్క విడిగా వేసి చూడాలి.

తెనాలి, భీమవరం లాంటి ఊళ్లో నలుగురున్న ఇంటిని తీసుకుందాం. నాన్న, అమ్మ, పదకొండేళ్ల బాబు, ఆరేళ్ల పాప. ఇక్కడ వేసుకున్నవన్నీ మధ్యరకం ధరలే. ఊరినిబట్టి, దుకాణాన్నిబట్టి ఇవి మారతాయి. పెద్ద నగరాల్లో కుట్టుకూలి ఇంకా ఎక్కువే ఉంటుంది.

ముందు నాన్న సంగతి. 58 అంగుళాల పన్నా గుడ్డయితే ఫుల్ చేతుల చొక్కాకి మీటరున్నర పైచిలుకు, అంటే 1.6 మీటర్లు సరిపోతుంది. మీటరు 250 రూపాయల చొప్పున గుడ్డకి 400, కూలి 350. ప్యాంటుకి 1.2 మీటర్లు, మీటరు 400 చొప్పున 480, కూలి 450. మొత్తం 1,680 రూపాయలు. అదే రెడీమేడ్‌లో చొక్కా 700, ప్యాంటు 900, కాళ్ల దగ్గర పొడవు తగ్గించి కుట్టినందుకు 50 కలిపితే 1,650. తేడా ముప్పై రూపాయలే. ఇక్కడ తేల్చాల్సింది ఒంటి తీరు. 40 సైజు చొక్కా మెడ దగ్గర, భుజాల దగ్గర, పొట్ట దగ్గర ఒకేలా సరిపోయే మనిషికి రెడీమేడ్‌తో ఇబ్బంది లేదు. పొట్టకి సరిపోయే సైజు తీసుకుంటే భుజాలు జారిపోయే మనిషికి మాత్రం టైలరే గతి. భుజం జారిన చొక్కాని ఆల్టరేషన్‌లో సరిచేయాలంటే చేతులు ఊడదీసి మళ్లీ కుట్టాలి, అది పెద్ద పని.

అమ్మ చీర ఖర్చు ఎలాగూ ఒకటే. ఫాల్, పీకో ఖర్చులూ తప్పవు. తేడా వచ్చేది జాకెట్టు దగ్గర. చీరతోపాటే జాకెట్టు ముక్క వస్తుంది కాబట్టి గుడ్డ ఖర్చు లేదు. లైనింగ్‌కి 80, కూలి 400, మొత్తం 480 రూపాయలు. రెడీమేడ్ జాకెట్టు 500 పెట్టి కొన్నా చంకల దగ్గర, నడుము దగ్గర సరిచేయించుకోవడానికి ఇంకో 80 అవుతుంది. చీరతో వచ్చిన ముక్క బీరువాలో ఉండిపోతుంది. ఇక్కడ కుట్టించుకోవడమే చవక. కాకపోతే ఒక జాగ్రత్త కావాలి. కాటన్ లైనింగ్‌ని రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేశాకే టైలర్‌కివ్వాలి. అలా తడపకుండా కుట్టిస్తే మొదటి ఉతుకులో లైనింగ్ కుంచించుకుపోతుంది, పైగుడ్డ మాత్రం అలాగే ఉంటుంది. దాంతో జాకెట్టు ముడతలు పడి, పట్టేసినట్టవుతుంది. అప్పుడిక దాన్ని బాగుచేయడం కష్టం. కాటన్ చొక్కా గుడ్డకీ ఇదే వర్తిస్తుంది. నూటికి మూడు వంతులు కుంచించుకున్నా ముప్పై అంగుళాల చొక్కా దాదాపు అంగుళం పొట్టిదైపోతుంది.

బాబు విషయంలో రెడీమేడ్‌దే పైచేయి. చొక్కా గుడ్డకి 300, కూలి 250, ప్యాంటు గుడ్డకి 400, కూలి 350, అన్నీ కలిపి 1,300. పిల్లాడిదని గుడ్డ తగ్గుతుంది గానీ కాజాలు, జిప్పు, జేబులు పెద్దవాళ్ల ప్యాంటుకి ఎన్నో దీనికీ అన్నే. అందుకే కూలి పెద్దగా తగ్గదు. రెడీమేడ్ జత 900కే వస్తుంది. ఏడాది తిరిగేసరికి ఎలాగూ పొట్టిదైపోయే బట్టలు కాబట్టి ఆ 400 ఆదా చేసుకోవడమే మంచిది.

పాప పట్టులంగా దగ్గర లెక్క తిరగబడుతుంది. పట్టు మెరుపున్న గుడ్డ రెండున్నర మీటర్లు, మీటరు 240 చొప్పున 600. జాకెట్టు గుడ్డకి 150, లైనింగ్‌కి 150, కూలి 500. మొత్తం 1,400. దుకాణంలో తగిలించి ఉన్న సెట్టు 1,100. చూడగానే రెడీమేడే 300 చవక. అయితే రెండింటినీ తిరగేసి లోపలి వైపు చూడాలి. చాలా రెడీమేడ్ లంగాల్లో అంచు దగ్గర మడత సన్నగా ఉంటుంది. జాకెట్టు పక్క కుట్ల దగ్గర లోపల వదిలిన గుడ్డ వేలి మందం కూడా ఉండదు, దాన్నీ ఓవర్‌లాక్ చేసేసి ఉంటారు. టైలర్‌కి ముందే చెబితే లంగా అడుగున నాలుగు అంగుళాలు లోపలికి మడిచి కుడతారు, జాకెట్టు పక్కల్లో అంగుళం చొప్పున గుడ్డ వదులుతారు.

ఆ నాలుగు అంగుళాలు ఎన్నాళ్లొస్తాయి? ఈ వయసు పిల్లలు ఏడాదికి మామూలుగా ఐదారు సెంటీమీటర్లు ఎదుగుతారు. అంటే రెండు అంగుళాలకు కాస్త ఎక్కువ. అందులో నడుము కింద పెరిగేది అంగుళంన్నర దాకా ఉంటుంది. కాబట్టి ఏటా కొంచెం మడత విప్పుతూ పోతే లంగా మూడు సంక్రాంతులకు వస్తుంది. పండగకి దాదాపు 467 రూపాయలు పడినట్టు. రెడీమేడ్ సెట్టు రెండు పండగలకు వచ్చిందనుకున్నా ఒక్కోదానికి 550. మడత విప్పిన చోట పాత కుట్టు గీత కొద్దిగా కనిపిస్తుంది. దాని మీద సన్నటి జరీ లేసు వేయిస్తే మరుగున పడుతుంది.

అన్నీ కుట్టిస్తే 4,860, అన్నీ రెడీమేడ్ కొంటే 4,230. నాన్నకి, బాబుకి కొని, అమ్మకి, పాపకి కుట్టిస్తే 4,430. అన్నీ కొన్నదానికంటే ఇది 200 ఎక్కువే. కానీ వచ్చే ఏడాదికీ, ఆపై ఏడాదికీ పాప లంగా సిద్ధంగా ఉంటుంది, జాకెట్టు ఒంటికి సరిగ్గా కూర్చుంటుంది.

ఖరీదైన బట్టల దగ్గర ఇంకో లెక్క కూడా చూసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఒక్కో డ్రెస్సు 2,500 రూపాయల దాకా ఉంటే జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. తానులోంచి కోసిచ్చే గుడ్డకి 5 శాతమే. నాన్నకి మూడువేల పైన కుర్తా సెట్టు కొనాలనుకుంటే అదే రకం గుడ్డ తీసి కుట్టిస్తే ఎంతవుతుందో ఒకసారి అడిగి చూడటం మేలు.

ఈ లెక్కకు తగ్గట్టు పనుల వరస కూడా పెట్టుకోవాలి. పాప గుడ్డ, అమ్మ జాకెట్టు ముక్క, సరిగ్గా సరిపోయే ఆది జాకెట్టు డిసెంబరు మొదటి వారంలోనే టైలర్‌కి చేరాలి. తర్వాత ఇస్తే అర్జెంటు పేరుతో కూలి పెరగొచ్చు. పండగకి వారం ముందే తీసుకుని ఒకసారి వేసి చూస్తే బిగుతులు, వదులులు సరిచేయడానికి టైలర్‌కి వ్యవధి ఉంటుంది. బాబు బట్టలు చివర్లో కొన్నా ఫరవాలేదు. బిల్లు, ట్యాగు మాత్రం పారేయకూడదు. సైజు మార్చమని వెళితే చాలా దుకాణాల్లో మొదట అడిగేవి అవే.