సంతకం కంపెనీది, కాపురం ఉద్యోగిది

హైదరాబాద్‌లో నెలకు 40,000 రూపాయల అద్దె ఫ్లాట్ అనుకుందాం. కంపెనీ లీజులో ఒప్పందం యజమానికీ కంపెనీకీ మధ్యే. ఉద్యోగి అందులో ఉండే మనిషి, అంతే. రెండు నెలల అడ్వాన్సు 80,000 కూడా మామూలుగా కంపెనీయే కడుతుంది.

కొన్నిచోట్ల ఆ డబ్బు ఉద్యోగి చేతే కట్టిస్తారు. చిక్కు అక్కడే. ఒప్పందంలో అతను పక్షం కాదు గనక, యజమాని అడ్వాన్సును కంపెనీకే తిరిగిస్తాడు. అందుకే కట్టినట్టు బ్యాంకు రుజువు, వాపసు మీద కంపెనీ రాతపూర్వక హామీ దగ్గరుండాలి.

రాజీనామా చేస్తే? ఎన్నాళ్లలో ఖాళీ చేయాలో కంపెనీ నిబంధనల్లో ఉంటుంది. రంగులకని యజమాని 15,000 పట్టుకుంటే, అది చాలాసార్లు ఉద్యోగి ఆఖరి లెక్కల్లో కోతగా తేలుతుంది. పిల్లల బడి కోసం అక్కడే ఉండాలంటే తన పేరిట కొత్త ఒప్పందం రాసుకుని, అడ్వాన్సు మళ్లీ కట్టాలి.