సుంకం పటంలో రెండు త్రికోణాలు

2024 సెప్టెంబరులో కేంద్రం ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెలపై మూల దిగుమతి సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచింది. 2025 మే చివర దాన్ని 10 శాతానికి తగ్గించింది. ఇలాంటి నిర్ణయంతో ఎవరికి లాభమో, ఎవరికి నష్టమో ఎకనామిక్స్ స్లైడులోని రంగులు వేసిన పటం చెబుతుంది.

ఊహా అంకెలతో చూద్దాం. ప్రపంచ ధర కిలో 100 రూపాయలు. ఆ ధరకు దేశంలో 100 కిలోలు కొంటారు. అందులో 40 కిలోలు ఇక్కడే తయారవుతాయి, 60 దిగుమతి. కిలోకు 20 రూపాయల సుంకం వేస్తే ధర 120 అవుతుంది. కొనుగోలు 90కి తగ్గి, స్వదేశీ సరుకు 50కి పెరిగి, దిగుమతి 40 మిగులుతుంది.

కొనేవారి నష్టం 1,900 రూపాయలు. అందులో 900 ఇక్కడి ఉత్పత్తిదారులకు, 800 ఖజానాకు పోతాయి. మిగిలిన 200 ఎవరికీ చేరవు. పటంలోని రెండు త్రికోణాలు అవే. ఎడమది, బయట చౌకగా దొరికే 10 కిలోలను ఇక్కడ ఎక్కువ ఖర్చుతో తయారు చేసినందుకు. కుడిది, జనం కొనడం మానుకున్న 10 కిలోలకు.

ఖజానా దీర్ఘచతురస్రాన్ని పిల్లలు పాత దిగుమతి 60తో గుణిస్తుంటారు. కొత్త దిగుమతి 40తోనే గుణించాలి. భాగాలన్నీ కలిపితే 1,900 రాకపోతే తప్పు అక్కడే వెతకండి.

సుంకం బదులు 40 కిలోల కోటా పెట్టినా ధర 120 అవుతుంది. కానీ ఆ 800 లైసెన్సు ఉన్న దిగుమతిదారుకు పోతుంది. లైసెన్సు విదేశీ ఎగుమతిదారు చేతిలో ఉంటే దేశానికి నష్టం 200 కాదు, 1,000.

ఈ పటం ప్రపంచ ధర మారదనే షరతు మీద గీసింది. భారత్ వంటి పెద్ద కొనుగోలుదారు దిగుమతి తగ్గిస్తే ఆ ధర కొంత దిగవచ్చు. అప్పుడు ఇక్కడి ధర పూర్తిగా 20 రూపాయలు పెరగదు.